ద్రాక్షపై ఉన్నది సహజమైన పూతా, బూజా? ఫోటోలో గుర్తించడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

నల్ల ద్రాక్ష గుత్తిని ఫోటో తీసి, దానిపై తెల్లగా కనిపిస్తున్నది బూజేమోనని అనుమానపడేవారి కోసం ఈ సమాధానాలు రాశాను. ముదురు రంగు తొక్కపై ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఎక్కువ భాగం నల్ల ద్రాక్షకే కేటాయించాను. ప్లమ్ పండ్లకు, బెర్రీలకు తేడా ఉన్న చోట విడిగా చెప్పాను.

ద్రాక్షపై తెల్లగా, పొడి చల్లినట్టు ఉండే ఆ పూత అసలు ఏమిటి?

అది పండు తొక్క తానుగా తయారుచేసుకునే మైనం. ద్రాక్ష మైనంలో ఓలియానోలిక్ ఆమ్లం అనే పదార్థం ప్రధానంగా ఉంటుంది. ఈ మైనం తొక్కపై నునుపైన పొరగా కాకుండా, కంటికి ఆనని అతి చిన్న పలకలుగా పేరుకుంటుంది. ఆ పలకలు తమపై పడిన వెలుగును అన్ని వైపులకూ చెదరగొడతాయి కాబట్టి నల్లని తొక్క బూడిద కలిసిన నీలంగా, కాస్త మసకగా కనిపిస్తుంది. పండులోని తేమ త్వరగా ఆవిరి కాకుండా, వాననీరు తొక్కపై నిలవకుండా చేయడం ఈ పూత పని. పచ్చ ద్రాక్షపైనా ఇదే పూత ఉంటుంది గానీ, తొక్క లేతరంగులో ఉండటం వల్ల అంతగా కనబడదు.

బ్లూబెర్రీ విషయంలో ఇది మరీ విచిత్రం. దాని తొక్కలో నీలి వర్ణకం లేదు, ముదురు ఎరుపు వర్ణకం ఉంది. నీలం రంగంతా పైనున్న మైనపు నిర్మాణం వెలుగును చెదరగొట్టడం వల్ల వచ్చేదేనని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో ప్రచురించిన పరిశోధన వివరించింది. బ్లూబెర్రీని వేలితో గట్టిగా రుద్దితే నీలం పోయి, నల్లని తొక్క బయటపడటానికి కారణం ఇదే.

ఈ తెలుపు ఈస్ట్ అని కొందరు, పురుగుమందు అని మరికొందరు చెబుతుంటారు. ద్రాక్ష తొక్కపై ఈస్ట్ కణాలు ఉండే మాట నిజమే అయినా, కంటికి కనిపించే తెలుపు మాత్రం మైనానిదే. మందు మరకల సంగతి మరో ప్రశ్నలో చూద్దాం.

మరి బూజు దీనికి ఏ విధంగా భిన్నమైనది?

ద్రాక్షపై అతి తరచుగా వచ్చేది బొట్రైటిస్ సినేరియా అనే శిలీంధ్రం వల్ల కలిగే బూడిదరంగు బూజు. ఇది తొక్కపై వాలిన దుమ్ము లాంటిది కాదు. గాయం ద్వారానో, తొడిమ దగ్గరి చిన్న పగులు ద్వారానో లోపలికి వెళ్లి, ముందు కండను మెత్తబరుస్తుంది. ఆ తరువాతే తొక్కను చీల్చుకుని సన్నని కాడలు బయటికి లేస్తాయి. ఒక్కో కాడ చెట్టులా కొమ్మలు వేసి, వాటి చివర సిద్ధబీజాలను గుత్తులుగా మోస్తుంది. ఫోటోలో నూగుగా కనిపించేది ఈ కాడల అడవే. అంటే నూగు కనబడే సమయానికి ఆ పండు లోపల పని చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

ఈ సమాధానాలన్నిటికీ ఆధారం ఇక్కడే ఉంది. పూత తొక్కలో భాగం కాబట్టి అది తొక్క ఆకారాన్నే అనుసరించి పరుచుకుంటుంది. బూజు ఎక్కడో ఒకచోట మొదలైన జీవి కాబట్టి దానికి ఒక కేంద్రం, ఒక అంచు, కొంత ఎత్తు ఉంటాయి. ఫోటోలో వెతకవలసినవి ఈ మూడే. మూలల్లో వేలాడే సాలెగూటి దారాలనూ మనం బూజు అనే అంటాము. ఆ పోలిక ఇక్కడ అక్కరకు వస్తుంది, ఎందుకంటే ఒక పండు నుంచి పక్క పండుకు ఖాళీని దాటి దారాలు సాగి ఉంటే అది మైనం అయ్యే అవకాశమే లేదు.

ఫోటో తెరవగానే మొదట దేన్ని చూడాలి?

తెలుపు ఎంత ఉందో కాదు, ఎలా పంచబడి ఉందో చూడాలి. పూత అయితే గుత్తిలో దాదాపు ప్రతి పండుపైనా ఉంటుంది. పండు భుజాల మీదుగా, నడుము చుట్టూ అది తెగకుండా సాగుతుంది. ఒక పండుకూ మరొక పండుకూ మందంలో తేడా ఉండవచ్చు. కోసేటప్పుడు, సర్దేటప్పుడు చేతులు తగిలినవాటిపై అది పలుచబడి ఉంటుంది. అయినా మొత్తం మీద గుత్తికంతటికీ ఒకే స్వభావం కనిపిస్తుంది.

బూజు అలా సమానంగా రాదు. రెండు మూడు పక్కపక్క పండ్లు ఒక గూడులా పట్టుబడి, వాటి చుట్టూ ఉన్నవి బాగానే ఉండటం దాని తీరు. అది మొదలయ్యే చోట్లు కూడా దాదాపు స్థిరమే. తొడిమ పండులోకి దిగే చోటు, తొక్క పగిలిన చోటు, రెండు పండ్లు గట్టిగా ఒత్తుకుని గాలి ఆడని చోటు. కాబట్టి ఫోటోను పెద్దది చేసుకుని ముందుగా తొడిమల మొదళ్లను, పండ్ల మధ్య సందులను చూడండి. పండు నడి బుగ్గన మెరిసే తెలుపును చూసి కంగారుపడేవారే ఎక్కువ గానీ, నేను చూసిన ఫోటోల్లో అసలు బూజు అక్కడ కాక, ఎవరూ చూడని సందుల్లోనే ఉండేది.

ఇంకొక మంచి సాక్ష్యం వేలిముద్ర. తెలుపు మధ్యలో నల్లగా, నిగనిగలాడుతూ వేలి ఆకారంలోనో, గీత ఆకారంలోనో ఒక మచ్చ ఉంటే, అక్కడ పూత రాలిపోయి అసలు తొక్క బయటపడిందని అర్థం. కోసిన పండుపై పూత మళ్లీ ఏర్పడదు కాబట్టి ఆ ముద్ర అలాగే నిలిచి ఉంటుంది. అలాంటి ముద్రలు ఉన్న పండుపై చుట్టూ ఉన్న తెలుపు పూతేనని చాలావరకు నమ్మవచ్చు. అయితే ఒక పండుపై కనిపించిన ముద్ర పక్క పండుకు సాక్ష్యం కాదు.

ఎత్తు ఉందో లేదో చదునైన ఫోటోలో ఎలా తెలుస్తుంది?

పండు నడిభాగాన్ని చూస్తే తెలియదు, దాని అంచును చూడాలి. పండు గుండ్రని హద్దు వెనకనున్న నేపథ్యాన్ని తాకే చోట, పూత ఉన్న పండుకు గీసినట్టు శుభ్రమైన రేఖ ఉంటుంది. మైనపు పొర అంత పలుచనిది కాబట్టి అది ఆ రేఖను ఏమాత్రం చెదరగొట్టలేదు. బొట్రైటిస్ కాడలు మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల దాకా లేవగలవు కాబట్టి, బూజు పట్టిన చోట ఆ రేఖ చెదిరి, వెలుతురులో అంచున నూగులా నిలబడుతుంది. వెనక నేపథ్యం ముదురుగా ఉంటే ఇది మరింత స్పష్టం.

రెండవ గుర్తు మెరుపు. పూత ఉన్న పండుపై కూడా దీపం లేదా కిటికీ ప్రతిబింబం మసకగానైనా ఒక వెలుగు మచ్చగా పడుతుంది. పూత చెరిగిన చోట అది పదునుగా మెరుస్తుంది. బూజు నూగు మీద మాత్రం ఆ మచ్చ పూర్తిగా మాయమై, ఉన్ని గుడ్డలా వెలుగును మింగేసినట్టు కనిపిస్తుంది. ఒకే గుత్తిలో అన్ని పండ్లపైనా వెలుగు మచ్చ ఉండి, రెండింటిపై మాత్రం లేకపోతే ఆ రెండింటినీ విడిగా పరీక్షించాలి.

రంగు చూసి చెప్పలేమా?

రంగును చివరి సాక్షిగా మాత్రమే పిలవాలని నా అభిప్రాయం. నీలంగా ఉంటే పూత, బూడిదగా ఉంటే బూజు అని చాలామంది ఒక సూత్రం పెట్టుకుంటారు. ఇది రెండు వైపులా మోసం చేస్తుంది. పసుపు బల్బు కింద తీసిన ఫోటోలో మంచి పూత కూడా గోధుమ కలిసిన బూడిదరంగులోకి మారుతుంది. మరోవైపు పెనిసిలియం జాతి బూజు నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులోనే ఉంటుంది. దాని అంచున తెల్లని గీత ఉండటం, అది గుండ్రని మచ్చగా ఎదగడం దాన్ని పట్టిస్తాయి గానీ రంగు కాదు.

రంగు నిజంగా ఉపయోగపడేది ఒకే సందర్భంలో, తెలుపు కింద ఉన్న తొక్క రంగును చూసినప్పుడు. పూత కింద తొక్క మిగతా పండ్ల రంగులోనే ఉంటుంది. బూజు కింద అది గోధుమరంగుకు తిరిగి, కొన్నిసార్లు నీరు పట్టినట్టు పారదర్శకంగా మారుతుంది. పచ్చ ద్రాక్షలో ఈ మార్పు మరింత తేలికగా కనబడుతుంది.

ఒక ఫోటోను మొదటి నుంచి చివరి దాకా ఎలా చదవాలో ఉదాహరణతో చెప్పగలరా?

ఒక పరిచయస్తుడు పంపిన ఫోటోను తీసుకుందాం. ఫోటో వెడల్పు 1600 పిక్సెళ్లు. అందులో 16 సెంటీమీటర్ల నల్ల ద్రాక్ష గుత్తి అడ్డంగా నిండుగా ఉంది. గుత్తి పైభాగం మొత్తం తెల్లబారి ఉందని, అందుకే పారేయాలనుకుంటున్నానని ఆయన రాశారు.

ముందు లెక్క చూసుకున్నాను. 160 మిల్లీమీటర్లకు 1600 పిక్సెళ్లు అంటే మిల్లీమీటరుకు 10 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్ 0.1 మిల్లీమీటరును చూపుతుంది. బూజు దారం ఒక్కొక్కటి సుమారు 0.01 మిల్లీమీటరు మందమే కాబట్టి ఈ ఫోటోలో విడి దారం కనబడే ప్రసక్తే లేదు. కానీ మిల్లీమీటరు ఎత్తున లేచిన నూగు గుంపు ఉంటే అది 10 పిక్సెళ్ల మేర మసకగానైనా పడి తీరాలి. అంటే దారాల కోసం కాక, చెదిరిన అంచుల కోసం వెతకాలి.

ఆయన భయపడిన పైభాగంలో ఏడెనిమిది పండ్లు నిజంగానే బాగా తెల్లగా ఉన్నాయి. అయితే ఆ తెలుపు ప్రతి పండు బుగ్గ మీదుగా ఒకే విధంగా పరుచుకుని ఉంది, అంచులు గీసినట్టు ఉన్నాయి, రెండు పండ్లపై నల్లని వేలిముద్రలు స్పష్టంగా ఉన్నాయి. బహుశా గుత్తిని పట్టుకుని ఎత్తినప్పుడు పడినవి. ఆ భాగమంతా పూతే.

గుత్తి మధ్యలో, ప్రధాన కాడకు దగ్గరగా మూడు పండ్లు మాత్రం తేడాగా ఉన్నాయి. అవి పైనున్నవాటి కన్నా తెల్లగా లేవు, ఇంకా మురికిగా ఉన్నాయి. వాటిపై కిటికీ మెరుపు పడలేదు. మూడింటి మధ్య ఉండవలసిన నల్లని సందులు బూడిదరంగుతో పూడినట్టు ఉన్నాయి. ఒకదాని తొడిమ మొదలు దగ్గర తొక్క గోధుమరంగులోకి తిరిగింది. ఇంతవరకు చూసి అది బూజు కావచ్చని చెప్పవచ్చు గానీ, ఖాయం చేయడానికి ఈ ఫోటో చాలదు.

పక్క నుంచి వెలుతురు పడేలా, ఆ మూడు పండ్లనే దగ్గరగా మరో ఫోటో తీయమని అడిగాను. ఈసారి 4 సెంటీమీటర్ల భాగం 1600 పిక్సెళ్లలో వచ్చింది, అంటే మిల్లీమీటరుకు 40 పిక్సెళ్లు. సందుల్లో నిలువుగా లేచిన నూగు, దాని చివర గోధుమరంగు పొడి స్పష్టంగా కనిపించాయి. ఆ పండ్లలో ఒకదాన్ని వేళ్లతో మెల్లగా నొక్కినప్పుడు తొక్క కండ మీద జారి ఊడి వచ్చిందని ఆయన చెప్పారు. బొట్రైటిస్ పట్టిన ద్రాక్షకు ఇది ప్రసిద్ధమైన లక్షణం. ఆయన పారేయాలనుకున్న పైభాగం బాగానే ఉంది, పట్టించుకోని మధ్య భాగమే చెడింది.

ఫోటో ఎలా తీస్తే ఈ తేడా తెలుస్తుంది?

ఫ్లాష్ ఆపేయండి. కెమెరా వైపు నుంచే సూటిగా పడే వెలుగు ఎత్తుపల్లాల నీడలను చెరిపేసి, పూతనూ నూగునూ ఒకే తెల్లని మచ్చగా మార్చేస్తుంది. గుత్తిని కిటికీ పక్కన పెట్టి, వెలుతురు పండ్ల మీదుగా ఏటవాలుగా జారేలా చూసుకోండి. కిటికీ లేకపోతే రెండవ ఫోన్ టార్చిని పండు ఎత్తులోనే పక్కన పట్టుకోవచ్చు. వెనక ఒక ముదురు రంగు గుడ్డ ఉంచితే అంచులు తెలుస్తాయి.

తెరపై అనుమానమున్న పండును తాకి ఫోకస్ కుదిరాక, వెలుతురు స్థాయిని కొంచెం తగ్గించండి. నల్ల పండ్ల ఫోటోలో కెమెరా తనంతట తాను వెలుతురు పెంచుతుంది. అప్పుడు తెల్లని భాగాలు పూర్తిగా తెల్లబారి వాటిలోని వివరం పోతుంది. చాలా ఫోన్లు మరీ దగ్గరికి తీసుకెళ్తే ఫోకస్ చేయలేవు కాబట్టి, కాస్త వెనక్కి జరిగి, ఫోన్‌లో విడిగా జూమ్ లెన్స్ ఉంటే దానితో తీయడం మేలు. పోర్ట్రెయిట్ మోడ్ అసలు వాడవద్దు. అది పండు అంచులను కృత్రిమంగా మసకబారుస్తుంది, మనకు కావలసిన సాక్ష్యం సరిగ్గా ఆ అంచుల్లోనే ఉంది.

ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే ఫోటో తీస్తే చల్లని తొక్కపై చేరిన సన్నని తేమ కూడా తెల్లగా కనిపిస్తుంది. అది ఆరేదాకా ఆగండి గానీ తుడవకండి. ఫోటోకు ముందు కడగడం కూడా పొరపాటే. తడిసిన నూగు తొక్కకు అతుక్కుపోయి, బూజు పట్టిన పండు కాసేపు శుభ్రంగా కనబడుతుంది.

ఇంకొకరు పంపిన ఫోటో అయితే?

మెసేజింగ్ యాప్‌లు ఫోటోను కుదించి పంపుతాయి. కుదింపులో మొదట పోయేవి సన్నని వివరాలే కాబట్టి నూగు కరిగి నునుపైన బూడిద మచ్చగా మిగులుతుంది, అంటే బూజు పూతలా మారుతుంది. దీనికి విరుద్ధమైన పొరపాటూ జరుగుతుంది. చీకట్లో తీసిన ఫోటోలోని గరుకుదనాన్ని ఫోన్ పదును పెడితే, మంచి పూత కూడా నూగులా కనిపిస్తుంది. ఆ గరుకుదనం పండు మీదే కాక బల్ల మీద, గిన్నె మీద కూడా ఉంటే అది కెమెరా తెచ్చిపెట్టినదే. అసలు ఫైలును డాక్యుమెంట్‌గా పంపమని అడగడం దీనికి సులువైన మార్గం.

తుడిచి చూస్తే సరిపోతుంది కదా, ఫోటో ఎందుకు?

తుడవడం మంచి పరీక్షే. అయితే ముందొక ఫోటో, తరువాత ఒక ఫోటో తీసి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే దాని పూర్తి ప్రయోజనం. పొడి దూదితోనో, మెత్తని గుడ్డతోనో అనుమానమున్న పండుపై ఒకే ఒక్కసారి మెల్లగా తుడవండి. పూత అయితే తుడిచిన బాట నల్లగా, నున్నగా, మెరుస్తూ కనబడుతుంది, కింద తొక్క గట్టిగా ఉంటుంది. బూజు అయితే నూగు ముద్దగా నలిగి, గుడ్డకు బూడిద లేదా గోధుమ మరక అంటుతుంది. కింద మచ్చ, గుంట, చీలిక, చెమ్మ వీటిలో ఏదో ఒకటి తేలుతుంది.

ఇక్కడ గుర్తుంచుకోవలసినది ఒకటే. తెలుపు ఊడి వచ్చింది కాబట్టి బూజు కాదని అనుకోకూడదు, ఎందుకంటే రెండూ ఊడి వస్తాయి. తీర్పు చెప్పేది తుడిచిన తరువాత కింద మిగిలిన తొక్క.

తుడవడానికి మనసొప్పకపోతే సమయాన్ని సాక్షిగా పెట్టుకోవచ్చు. అనుమానమున్న పండును విడిగా, మూత ఉన్న గిన్నెలో, గది ఉష్ణోగ్రత వద్ద ఒక రోజు ఉంచి, అదే కోణంలో అదే వెలుతురులో మళ్లీ ఫోటో తీయండి. మైనం పెరగదు. మచ్చ అంచు కొంచెమైనా ముందుకు జరిగి ఉంటే అది ప్రాణమున్నదే.

పూతా కాదు, ఈ బూజూ కాదు అనిపించే తెలుపు ఏమై ఉండవచ్చు?

అన్నిటికన్నా గట్టిగా మోసగించేది ద్రాక్షకు తోటలోనే వచ్చే బూడిద తెగులు. ఇదీ శిలీంధ్రమే గానీ నూగులా ఎత్తుగా లేవదు, పిండి చల్లినట్టు పలుచగా పరుచుకుంటుంది. ఎత్తు లేదు కాబట్టి అంచు పరీక్ష దీన్ని పట్టుకోలేదు. దీన్ని పట్టించేది కింది తొక్క. తుడిచాక మెరిసే నల్లదనం బదులు గోధుమరంగు వల లాంటి గీతలు కనబడతాయి. గట్టిగా పట్టినప్పుడు పండు చిన్నగా మిగిలిపోతుంది, తొక్క సాగలేక చీలిపోతుంది కూడా. తొడిమలపైనా అదే పొడి, మచ్చలు ఉంటాయి. బాగా పెరిగిన నున్నని పండుపై ఇది ఉండే అవకాశం తక్కువ.

మందు లేదా గట్టి నీటి మరకలకు చుక్కల ఆకారం ఉంటుంది. చుక్క ఆరినప్పుడు దాని అంచున పదార్థం పేరుకుని ఉంగరంలా కనిపిస్తుంది, లేదా పండు కింది కొనన, నీరు జారి ఆగిన చోట గడ్డకట్టి ఉంటుంది. పూత ఎన్నడూ ఉంగరాలు గీయదు.

ప్లమ్ పండ్లకూ ఇవే గుర్తులా?

చాలావరకు ఇవే. ప్లమ్ పూత ద్రాక్ష పూత కన్నా దట్టంగా ఉంటుంది, అందుకే వేలిముద్రలు మరింత స్పష్టంగా పడతాయి. పండు పొడవునా ఉండే సన్నని గాడిలో చేతులు తగలవు కాబట్టి పూత అక్కడ మందంగా మిగిలి తెల్లని గీతలా కనిపిస్తుంది. ఇది చూసి కంగారుపడనక్కరలేదు.

ప్లమ్‌లో జాగ్రత్తపడవలసినది మోనిలీనియా అనే శిలీంధ్రం తెచ్చే గోధుమ కుళ్లు. ముందు మెత్తని గోధుమ మచ్చ ఏర్పడి, దానిపై లేత గోధుమ లేదా బూడిదరంగు చిన్న కుచ్చులు మొలుస్తాయి. అవి చాలాసార్లు ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు కడతాయి. ఫోటోలో వలయాలు కనిపిస్తే ఇక వాదించడానికి ఏమీ ఉండదు.

స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీ, బ్లూబెర్రీల సంగతి?

బ్లూబెర్రీని ద్రాక్షలాగే చదవవచ్చు. పూత పండంతా ఉంటుంది. బూజు మాత్రం తొడిమ ఊడిన గుంటలోనో, ఎదురు కొసనున్న కిరీటం లాంటి భాగంలోనో మొదలవుతుంది. కాబట్టి ఆ రెండు కొసలూ కనబడని ఫోటోతో ఏమీ తేల్చలేము.

స్ట్రాబెర్రీ, ఎర్ర రాస్ప్‌బెర్రీల విషయంలో ప్రశ్నే తిరగబడుతుంది. వాటికి ఇలాంటి తెల్లని మైనపు పూత ఉండదు. అందుకే వాటిపై కనిపించే మెత్తని తెలుపు, బూడిదరంగులను మొదటి నుంచీ బూజుగానే అనుమానించాలి. నల్ల రాస్ప్‌బెర్రీ ఇందుకు మినహాయింపు, దానికి పూత ఉంటుంది. ఎర్ర రాస్ప్‌బెర్రీపై సహజమైన నూగు, చిన్న చిన్న గింజపండ్ల నుంచి లేచే సన్నని ఎండు వెంట్రుకలు ఉంటాయి. ఒక్కో గింజపండుకు ఒక్కొక్కటిగా, క్రమంగా ఉంటే అవి పువ్వు మిగిల్చిన కాడలు. క్రమం లేకుండా గింజపండ్ల మీదుగా వల అల్లినట్టు ఉంటే బూజు. పొడవాటి తెల్లని దారాల చివర నల్లని గుండుసూది తలలు కనిపించి, డబ్బా అడుగున రసం కారి ఉంటే అది రైజోపస్ అనే మరో బూజు. పండ్లను చాలా వేగంగా ముద్ద చేసేది ఇదే.

పూతేనని తేలితే పండు క్షేమమని ఫోటో చూసి చెప్పవచ్చా?

చెప్పకూడదు. పూత ఉందని చెప్పడం వేరు, బూజు లేదని చెప్పడం వేరు. ఒకే పండుపై రెండూ ఉండవచ్చు. పైగా బొట్రైటిస్ లోపల ఉండి ఇంకా బయటికి లేవని దశలో ఫోటోలో కనిపించేది మంచి పూతే. గుత్తి వెనక వైపు, లోపలి కాడలు ఫోటోలోకి రావు. అందుకే తినవచ్చా అన్న ప్రశ్నకు ఫోటో ఇవ్వగలిగే సమాధానం "కనిపించిన మేరకు బూజు గుర్తులు లేవు" అన్నంత వరకే. మిగతాది చేతిలో పట్టుకుని చూసేవారు గట్టిదనాన్ని, చెమ్మను బట్టి చెప్పాలి. ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన చూడటం మంచిది కాదు, సిద్ధబీజాలు లోపలికి పోతాయి.

మూడు పండ్లకే బూజు ఉంటే మిగతా గుత్తిని ఏం చేయాలి?

బూజు పట్టినవాటినీ, వాటిని తాకుతున్నవాటినీ తొడిమతో సహా తీసి పారేయండి. ఇలాంటి మెత్తని పండ్లలో చెడిన భాగాన్ని మాత్రమే కోసి మిగతాది తినడం సరికాదు, ఎందుకంటే దారాలు కనిపించే మచ్చను దాటి కండలోకి వెళ్లి ఉంటాయి. వండితే సరిపోతుందన్న ఆలోచన కూడా వద్దు. కొన్ని పెనిసిలియం బూజులు తయారుచేసే పాటులిన్ అనే విషపదార్థం వంట వేడికి నమ్మకంగా నశించదు.

తరువాత గుత్తిని చిన్న కొమ్మలుగా విడదీసి, లోపలి సందులు కనబడేలా ఒక్కో కొమ్మనూ పక్క వెలుతురులో చూడండి. గట్టిగా ఉండి, అంచు శుభ్రంగా ఉన్నవాటిని వాడుకోవచ్చు. ఉంచదలచినవాటిని కడగకుండా, పొడిగా ఫ్రిజ్‌లో పెట్టి తినే ముందే కడగండి. ఫ్రిజ్‌లో ఉన్నాయి కదా అని వారం పాటు వదిలేయకూడదు. బొట్రైటిస్ 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది కాబట్టి రెండు రోజులకొకసారి తొడిమల మొదళ్లను మళ్లీ చూసుకోవాలి.